రెండో నంబరు అభ్యర్థి

మా తోటికోడలికి పెయింట్ల ఫ్యాక్టరీలో పడిన పేరు రంగులక్క. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఇంట్లో మాత్రం రంగుల సంగతి ఎత్తితే విసుక్కుంటుంది. మేము కింది వాటాలో ఉంటాం, వాళ్ళు పై వాటాలో. మెట్ల పక్క గోడకి ఏ రంగు వేయిద్దామని ఒకసారి అడిగితే, ఏదో ఒకటి వేయించు, నేను ఇంటికొచ్చేది కళ్ళు మూసుకోవడానికి అంది.

మామూలు విషయాల్లో ఆమె అంత అయోమయం మనిషిని నేను చూడలేదు. తాళంచెవి చేత్తో పట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయి, వెనక్కి నడుచుకుంటూ వచ్చి, ఇవాళ బస్సు తొందరగా నడిపాడు అంటుంది. ఒకదానికొకటి పొసగని రెండు మాటలు చెప్పినా రెండూ నిజమే అనిపిస్తాయి ఆమెకి. మా బావగారు ఆమెతో వాదించడం ఎప్పుడో మానేశారు, గెలిచినా గెలిచినట్టు ఉండదని.

అదే మనిషి ల్యాబులో వేరు. ట్యాంకులో రంగు కలిపాక నమూనా తీసి, చిన్న అట్ట మీద పూసి, ఆరబెట్టి, బూడిదరంగు గోడలున్న ఒక పెట్టెలో లైటు కింద అసలు రంగు పక్కన పెట్టి చూడాలి. ఒక లైటులో కలిసిన రంగు ఇంకో లైటులో విడిపోతుంది. తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది. తేడా ఎంతో మెషీను అంకెల్లో చెబుతుంది గానీ, ట్యాంకులో ఏ రంగు ఎంత వేస్తే సరిపోతుందో తేల్చేది రంగులక్కే. వేసింది వెనక్కి తీయలేరు కాబట్టి అక్కడ తొందరపడకూడదు, తటపటాయించకూడదు. ఒక్కసారి నేను చూడ్డానికి వెళ్ళాను. నా కంటికి రెండూ ఒకే తెలుపు. ఆమె ఒకదాన్ని చూసి, ఇందులో పసుపు ఎక్కువైంది అని పక్కన పడేసింది. అప్పుడు ఆమె మొహంలో అయోమయం ఇసుమంత కూడా లేదు.

ఆ ఫ్యాక్టరీలో అట్టల మీద రంగు పూసే పనిలో చేరింది. రంగు పట్టే, అంటే ట్యాంకులో రంగుని అసలు రంగుతో కలిసేలా చేసే పెద్దాయన రిటైరయ్యాక ఆ పని ఈమె మీద పడింది. ఎవరూ ఇవ్వలేదు, ఈమె అడగలేదు, అలా వచ్చి చేరింది అంతే. హోదా మాత్రం చేరినప్పటిదే, ల్యాబ్ అసిస్టెంట్. జీతం ఏటా అందరితో పాటు ఇంత అని పెంచేవారు. పదకొండేళ్ళు గడిచాయి. ఈ మధ్య కళ్ళద్దాలు మార్చినప్పుడు కళ్ళ డాక్టరు, ఇంకా బాగానే ఉన్నాయి, కానీ వయసుతో పాటు నీలాలు కాస్త మసకేస్తాయి అన్నాడట. ఆ రాత్రి కిందికి వచ్చి నా పక్కన కూర్చుంది. "కళ్ళు ఉన్నన్నాళ్ళే ఈ పని. ఈసారి కూడా అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతాను?" అంది. అడిగి లేదనిపించుకుంటే అక్కడ ఉండనని కూడా అంది. ఎక్కడికి పోతుందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

నేను పన్నుల కన్సల్టెంటు ఆఫీసులో టైపు చేస్తాను. రోజంతా మంది తరఫున ఉత్తరాలూ జవాబులూ కొట్టడమే నా ఉద్యోగం కాబట్టి, ఉత్తరం రాసి పెట్టమని నన్నే అడిగింది. ముందు నువ్వు రాసుకొచ్చింది చూపించు అన్నాను. చూస్తే నాకు ఒళ్ళు మండింది. మొదటి వాక్యంలోనే క్షమించమని ఉంది. తరవాత ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, బావగారి నడుంనొప్పి. చివర్లో తమ దయ.

అక్కా, నీ కష్టాలకి వాళ్ళు జీతం ఇవ్వరు, నువ్వు చేసే పనికి ఇస్తారు అన్నాను. అద్దె కొట్టేశాను. నడుంనొప్పి కొట్టేశాను. క్షమాపణ కొట్టేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది, అదైనా ఉండనీ, మర్యాదగా ఉంటుంది అని. మర్యాద వేరు, దేబిరించడం వేరు అని అదీ కొట్టేశాను.

ఏం సాధించావో చెప్పమంటే నీళ్ళు నమిలింది. నేనేం సాధించాను, రంగులు కలిపాను అంది. పోలీసులా ఒక్కొక్కటే లాగాల్సి వచ్చింది. పెద్దాయన ఉన్నప్పుడు పది ట్యాంకుల్లో నాలుగు మళ్ళీ సరిదిద్దాల్సి వచ్చేదట, ఇప్పుడు ఒకటే. బస్సుల బాడీలు కట్టే కంపెనీ ఒకటి, తలుపు ఒక రంగు, పక్క రేకు ఒక రంగు వస్తున్నాయని విసిగిపోయి ఆర్డరు మానేస్తే, ఈమె వాళ్ళ షెడ్డుకే వెళ్ళి, అక్కడి లైట్ల కింద చూసి, రంగు మళ్ళీ పట్టి ఇచ్చిందట. ఆర్డరు తిరిగొచ్చింది. కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పింది. ఇవన్నీ ఎక్కడైనా రుజువుంటాయా అని అడిగితే, బ్యాచి రికార్డుల్లో ఉంటాయి, ఎవరు చూస్తారు అంది.

ఇక బయట ఈ పనికి ఎంత ఇస్తున్నారన్నది. పేపర్లలో, సైట్లలో వచ్చిన ప్రకటనలు ఏరాం. పెయింట్ల పరిశ్రమ సంఘం వాళ్ళ జీతాల సర్వే ఒకటి దొరికింది. మూడోది, ఉద్యోగాలు ఇప్పించే ఏజెన్సీని అడగాలి. ఆ పని ఆమే చేస్తానంది. అక్కడి అమ్మాయి ఫోన్లో, మీ వివరాలు మా ఫారంలో నింపి పంపితే మీకు ఎంత రావచ్చో చెబుతాను అందట. రంగులక్క మా ఉత్తరంలోని సాధించిన ముక్కలు అందులో ఎక్కించింది. ఎందుకైనా మంచిదని కంపెనీ పేరు రాయలేదు, 'ఒక పెయింట్ల కంపెనీ' అని రాసింది. ఇప్పటి జీతం కూడా ఖాళీ వదిలేసింది. అడుగున ఉన్న గడిలో టిక్కు పెట్టమంటే పెట్టింది. ఆ గడి పక్కన ఏముందో చదివావా అని నేను అడగలేదు. మర్నాడు ఏజెన్సీ అమ్మాయి ఫోన్ చేసి, మీలాంటివాళ్ళకి బయట ఇప్పుడు ఇంత నడుస్తోంది అని చెప్పింది. విని రంగులక్క ఫోన్ పెట్టేసి, ఆ పిల్ల వేరే ఎవరిదో చూసి చెప్పినట్టుంది అంది.

చివరికి ఉత్తరం ఒక పేజీలో ఒదిగింది. చేస్తున్న పని ఇదీ, దానివల్ల కంపెనీకి జరిగింది ఇదీ, ఇదే పనికి బయట మూడు చోట్ల చూస్తే వస్తున్నది ఇదీ. కాబట్టి జీతం ముప్ఫై శాతం సవరించి, చేస్తున్న పనికి తగ్గట్టు హోదా మార్చమని కోరుతున్నాను. ఒకేసారి కుదరకపోతే రెండు విడతలకైనా సరే, కానీ తేదీలు రాతపూర్వకంగా కావాలి. ఈ విషయం మాట్లాడడానికి ఈ నెలలో ఒక సమయం ఇవ్వగలరు. చదివి రంగులక్క, "ఇది నేనేనా? గట్టిదానిలా ఉన్నానే" అంది.

ఉత్తరం ల్యాబ్ మేనేజరుగారికి ఇచ్చి, హెచ్ఆర్ మేడమ్‌కి కాపీ పెట్టింది. మేనేజరుగారు చెడ్డవాడు కాదు. ఎవరికీ కాదనడు, ఎవరికీ ఏమీ చెయ్యడు. చదివి, బాగా రాశారే అని మెచ్చుకుని సొరుగులో పెట్టుకున్నాడట. కొన్నాళ్ళకి మేడమ్ పిలిచింది. ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, కంప్యూటరు తెర ఇటు తిప్పి చూపించింది. ల్యాబ్ అసిస్టెంటు అనే హోదాకి మార్కెట్లో వచ్చే జీతాల వరస అది. అందులో రంగులక్క జీతం మధ్య గీతకి పైనే ఉంది. మీకు తక్కువ ఇవ్వడం లేదండీ, నిజానికి ఎక్కువే ఇస్తున్నాం అందట.

ఆ సాయంత్రం మెట్ల మీద కూలబడింది రంగులక్క. "వాళ్ళ లెక్క నిజమే, చూశాను. మన లెక్కా నిజమే, నువ్వు చూశావు. మరి అబద్ధం ఎక్కడుంది?" అని అడిగింది. నాకూ బుర్ర తిరిగిపోయింది. వంట పొయ్యి మీదే వదిలేసి, మా ఉత్తరమూ, తెర మీది అంకెలు ఆమె రాసుకొచ్చిన కాయితమూ ముందేసుకుని కూర్చున్నాను. కూర మాడి పక్కింటి దాకా వాసన వచ్చాక అర్థమైంది. వాళ్ళు పోల్చింది హోదాతో. మేము పోల్చింది పనితో. మిగతా చోట్ల ల్యాబ్ అసిస్టెంటు అంటే నమూనాలు పూసి, సీసాలు కడిగేవాళ్ళు. ట్యాంకులోకి ఏం వెయ్యాలో తేల్చేవాళ్ళని కలర్ ల్యాబ్ ఇన్‌ఛార్జ్ అంటారు. అదే రాసి జవాబు పంపాం. పోలిక పేరుని బట్టి కాకుండా, చేసే పనిని బట్టి చూడవలసిందిగా కోరుతున్నాను అని. మేడమ్ నుంచి 'పరిశీలిస్తాం' అని ఒక ముక్క వచ్చింది. ఆ మాట ఎంత దూరం సాగుతుందో మా ఆఫీసులో రోజూ చూస్తూనే ఉంటాను.

తరవాతి వారం రంగులక్క ఇంటికొచ్చిన తీరు చూస్తే ఎవరో పోయారేమో అనుకున్నాను. చెప్పులు విప్పకుండా వచ్చి కుర్చీలో కూర్చుంది. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకునే ఉంది.

కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. కంపెనీ రెండో ప్లాంటు పెడుతోందట, దానికి కలర్ ల్యాబ్ ఇన్‌ఛార్జ్ కావాలట. పేరు చెప్పకుండా ఏజెన్సీ ద్వారా వెతుకుతున్నారు. ఏజెన్సీ ముగ్గురి వివరాలు పంపింది. కంపెనీ ఎవరినైనా చూస్తామనేదాకా ఏజెన్సీవాళ్ళు పేర్లు బయటపెట్టరు, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేస్తారు. మేనేజరుగారు ఆ కాయితాలు రంగులక్క ముందు పెట్టి, రేపు మీరు కలిసి పని చెయ్యాల్సినవాళ్ళు, పని తెలిసినవాళ్ళు మీరే కాబట్టి ఎవరు మేలో చెప్పండి అన్నాడట. పైగా, రెండో ఆయన పైవాళ్ళకి బాగా నచ్చాడు, అడిగినంతా ఇవ్వడానికి ఒప్పుకున్నారు అని కూడా చెప్పాడట. ఈమె ఉత్తరం ఉన్న సొరుగు పక్కనే కూర్చుని ఆ మాట అన్నాడు మహానుభావుడు. నాకు వింటుంటేనే చిర్రెత్తుకొచ్చింది.

నువ్వేం చేశావు అన్నాను. చదివాను అంది.

"ఆ రెండో ఆయన ముందు నేనెంత. దిద్దుబాట్లు డెబ్భై అయిదు శాతం తగ్గించాడట. నేను పదింట్లో నాలుగు నుంచి ఒకటికే కదా తెచ్చాను. చెయ్యి జారిపోయిన పెద్ద వాహనాల ఖాతాని వెనక్కి తెచ్చాడట. మనుషుల్ని తయారుచేశాడట. అలాంటివాడు వస్తే ఇక నన్నెవరు చూస్తారు? ఆయనకే మొదటి స్థానం ఇచ్చి సంతకం పెట్టి వచ్చాను" అంది. ఉన్నమాట చెప్పాలి కదా అని కూడా అంది. కళ్ళు తుడుచుకుంది.

నేను రోజూ అంకెలు కొట్టేదాన్ని. నాలుగు నుంచి ఒకటి అంటే డెబ్భై అయిదు శాతమే కదా అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ వాహనాల ఖాతా బస్సులదేనా? ఆ తయారుచేసిన మనుషులు ఇద్దరేనా? కాయితం అడుగున ఏజెన్సీ పేరేముందని అడిగాను. చెప్పింది. ఈమె ఫోన్ చేసిన ఏజెన్సీయే. నీ ఫోన్ ఇవ్వు అన్నాను.

చదవని సందేశాల గుట్టలో అది దొరికింది. మీరు అంగీకరించిన మేరకు మీ వివరాలను మా ఖాతాదారుకి పంపాము, ఎంపికైతే తెలియజేస్తాము. ఆ టిక్కు పెట్టిన గడి అది. కంపెనీ పేరు రాయకపోవడంతో, ఈమె ఎక్కడ చేస్తోందో ఏజెన్సీకి తెలియదు. ఈమె మాటలకి వాళ్ళు సూటూ బూటూ తొడిగి, ఈమె కంపెనీకే పంపారు.

అక్కా, ఆ రెండో ఆయన నువ్వే అన్నాను.

నమ్మలేదు. మొదట నవ్వింది. తరవాత నా మీద కోప్పడింది, నన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి చెప్పకు అని. సందేశం చూపిస్తే చదివి, మళ్ళీ చదివి, "అయితే నేను అంత చేశానా?" అని అడిగింది. ఆ అడగడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. వెంటనే ఆమెకి భయం పట్టుకుంది. నన్ను నేనే మొదటి స్థానంలో పెట్టుకుని సంతకం పెట్టాను కదా, ఇది మోసం కాదూ? బయట ఉద్యోగం వెతుకుతున్నానని తీసేస్తే? చెప్పకుండా ఊరుకుంటే ఇంటర్వ్యూకి నన్నే పిలుస్తారా? పిలిస్తే నేను ల్యాబులోంచి లేచి గేటు బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలా? ఒక్కో ప్రశ్నకీ మేమిద్దరం కాసేపు ఇటు, కాసేపు అటు మాట్లాడుకున్నాం. మా ఆయనా బావగారూ కూడా వచ్చి చేరి, మరింత గజిబిజి చేసి వెళ్ళారు. పడుకోబోతూ రంగులక్క ఒక్కటే తేల్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను, ఇందులో దాచడానికి నేనేం తప్పు చెయ్యలేదు అంది.

మర్నాడు మేనేజరుగారి గదిలో మేడమ్ కూడా ఉంది. ఈమె, నా ఫోనూ ఆ సందేశమూ ఇవిగో, రెండో నంబరు నేనే, ఆ సంతకం తెలియక పెట్టింది, లెక్కలోకి తీసుకోకండి అని చెప్పింది. మేనేజరుగారు కాయితం చూశాడు, ఈమెను చూశాడు, మళ్ళీ కాయితం చూశాడు. మీరా, అన్నాడు. మేడమ్‌కి ముందుగా గుర్తొచ్చింది ఏజెన్సీకి ఇవ్వాల్సిన కమీషను. ఒప్పందం తీసి చూసింది. ఇప్పటికే కంపెనీలో పనిచేస్తున్నవాళ్ళకి కమీషను ఉండదని అందులో ఉంది. ఆ ముక్క చదివాక ఆవిడ గొంతు కాస్త మెత్తబడిందట. అయినా, చూడండీ, ఆ జీతం బయటి నుంచి వచ్చేవాళ్ళ కోసం అనుకున్నది, లోపలివాళ్ళకి మా పద్ధతి వేరు, మీరు అడిగింది ముప్ఫై శాతం కదా, దాని గురించి ఆలోచిద్దాం అంది.

ఏజెన్సీ పైవాళ్ళకి విడిగా రాసిన జీతం ముప్ఫై శాతం లెక్కన కాదు. ఇప్పటి జీతం తెలియదు కాబట్టి, ఆ అమ్మాయి ఫోన్లో చెప్పిన మార్కెట్ జీతమే రాసి పంపింది. అది ఈమె జీతం మీద నలభై అయిదు శాతం దాకా ఎక్కువ. ముప్ఫై ఇవ్వమంటే గీతలు చూపించినవాళ్ళు దానికి సరేనన్నారు.

అప్పుడు రంగులక్క అన్న మాట ఆమె నాకు చెప్పింది, తరవాత మేనేజరుగారు కూడా ల్యాబులో ఇద్దరికి చెప్పాడట. "మేడమ్, నిన్న నేనెవరో తెలియనప్పుడు మీరు ఇంత ఇస్తామన్నారు. ఇవాళ నేనెవరో తెలిసింది. పని అదే. మరి జీతం ఎందుకు తగ్గాలో చెప్పండి. చెబితే వింటాను." గొంతు పెంచలేదట. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగిందట. నాకు తెలుసు, ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగి ఉంటుంది.

 మేనేజరుగారు మొదటిసారి ఒక పని చేశాడు. సొరుగులోంచి ఆమె ఉత్తరం తీసి, ఏజెన్సీ కాయితంతో కలిపి పిన్ను కొట్టి, పైవాళ్ళ దగ్గరికి తనే తీసుకెళ్ళాడు. పైవాళ్ళు ఇంటర్వ్యూ లేకుండా కుదరదన్నారు. సరేనని వెళ్ళి కూర్చుంది. రంగు ఎలా పట్టి తేలుస్తారని అడిగితే, గంటకు పైగా చెప్పిందట, వాళ్ళే ఇక చాలన్నారట.

వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రెండో ప్లాంటుకి కలర్ ల్యాబ్ ఇన్‌ఛార్జ్, జీతం పైవాళ్ళు రెండో నంబరుకి ఒప్పుకున్నంత. ఆ కాయితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను గట్టిగా కావలించుకున్నాను. మా ఆయన మెట్లెక్కి బావగారికి చెప్పడానికి పరిగెత్తాడు. ఆమె మాత్రం కుర్చీ అంచున కూర్చుని ఆ కాయితాన్నే చూస్తోంది. సంతోషంగా లేదా అక్కా అన్నాను.

"ఉంది. కోపంగానూ ఉంది. పదకొండేళ్ళు వాళ్ళ కళ్ళ ముందే తిరిగాను కదా. నా పేరు తీసేసి ఇస్తే గానీ నా పని కనపడలేదు వాళ్ళకి" అంది. మళ్ళీ తనే, "వాళ్ళని అంటున్నాను గానీ, నాకు మాత్రం కనపడిందా? ఆ కాయితం చదివి ఎవరో గొప్పవాడు అనుకున్నది నేనే కదా" అంది.

 నేను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.